టీచరమ్మ అడిగిన సెలవు

కాశిబుగ్గలో మా అంగన్‌వాడీకి నేను ఆయాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక పలక నా ఒళ్లో పెట్టి దిద్దించింది మా టీచరమ్మే. వయసులో నా కూతురంత ఉంటుంది. అందుకే ఆమె సెలవు దరఖాస్తు రాసినప్పుడు మొదట నా చేతికిచ్చి చదవమంది.

ఆమె దూరవిద్యలో చిన్నపిల్లల చదువు మీద డిప్లొమా చేస్తోంది. అది పాసైతే బడుల్లో కొత్తగా పెడుతున్న చిన్న తరగతులకు టీచరుగా వెళ్లవచ్చని ఆశ. మూడు పరీక్షలు, హనుమకొండలో. డిసెంబరు ఒకటి నుంచి పన్నెండు వరకు సెలవు కావాలని రాసింది. మొదటి వారం చదువుకోవడానికి, రెండో వారం పరీక్షలకు. కింద పని ఎలా నడుస్తుందో వివరం: వంట, పిల్లల ఆటపాటలు నాకు, ఫోన్‌లో హాజరు, భోజనాల లెక్క ఎక్కించడం పక్క వీధి సెంటర్ టీచరుకు, పిల్లల బరువులు తూచడం, ఇంటికిచ్చే బాలామృతం పిండి పంచడం తను తిరిగొచ్చాక.

"వంట నాదే, పాటలు నాయే. ఇగ నీ జీతం సుత నాకే ఇయ్యమని రాయరాదు బిడ్డా" అన్నాను.

"రాస్తనే గని, గా జీతం సూసి నువ్వే వాపసిస్తవ్ పెద్దమ్మా" అని నవ్వింది.

నెలనెలా జరిగే మీటింగులో దరఖాస్తును సూపర్‌వైజర్ మేడంకు ఇచ్చింది. గుడ్లు మోసుకురావడానికి నేనూ వెంట వెళ్లాను. మేడం చెడ్డ మనిషి కాదు. కళ్లజోడు తుడుచుకుని మొత్తం చదివింది.

"ప్లాన్ మంచిగనే రాసినవమ్మా. గని మనకు స్టడీ లీవ్ ఎక్కడిది? అది జీతమున్న ఉద్యోగులకు. మనది గౌరవ వేతనం."

"గౌరవం ఇచ్చిన్రు గద మేడం, మల్ల లీవెందుకు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మా టీచరమ్మ నవ్వలేదు.

"పై ఆఫీసుల పెద్ద మేడంకు పంపున్రి మేడం. కాదంటే కాదంటది."

"పంపితే ఆమె నన్నడుగుతది, రూల్ ఎరుకలేదా అని. పరీక్ష దినాలు మూడు క్యాజువల్ లీవ్ రాయి, నేనే సంతకం పెడ్త. మిగిలిన దినాలు సెంటర్‌ల ఉండాలె. పిల్లలు పండుకున్నప్పుడు సదువుకో."

టీచరమ్మ అక్కడే ఇంకో కాగితం తీసుకుని మూడు రోజులకు రాసిచ్చింది. పాత దరఖాస్తు మడిచి సంచిలో వేసుకుంది.

డిసెంబరు వచ్చింది. వీలైనంత వరకు నేను ఆమెను చదువుకోనిచ్చాను. పిల్లలను వాకిట్లో కూర్చోబెట్టి పాటలు పాడించాను. గర్భిణులు భోజనానికి వస్తే నేనే వడ్డించాను. కానీ ఫోన్ నాకు చేతకాదు. పుస్తకం తెరవగానే అది మోగేది. ఫలానా ఫోటో పంపు, ఫలానా ఇంటి వివరం రాలేదు అని. పుస్తకంలో వేలు పెట్టి అలాగే మూసి, ఫోన్ పట్టుకుని బయటికి పోయేది.

మొదటి పరీక్ష బాగా రాశానంది. రెండో పరీక్ష ముందు రోజు ఓటరు లిస్టు పని పడింది. మా వాడలో ఇల్లిల్లూ తిరగాలి, సాయంత్రంలోగా కాగితాలు ఇవ్వాలి. మగ్గాల చప్పుడులో ఒక్కో పేరు రెండుసార్లు అడుగుతూ తిరిగి, గొంతు పోయి వచ్చింది.

"తిన్నవా?"

"తిననీకి గాదు పెద్దమ్మా, సదువనీకి యాల్ల లేదు."

మార్చిలో ఫలితాలు వచ్చాయి. రెండు పాసు, ఒకటి ఫెయిల్. ఆ రెండోదే. ఫోన్ నాకు చూపించింది. ఫెయిల్ అన్న ఆ మాట నేను సొంతంగా చదువుకోగలిగాను. చదవడం వచ్చినందుకు ఆ రోజు నాకేమీ సంతోషం కలగలేదు.

"జూన్ల మల్ల ఉంటదంట గద. ఒక్కటే పేపరు. మల్ల రాయి దరఖాస్తు. ఈసారి నేను సుత వచ్చి మేడంను బతిమాల్త" అన్నాను.

ఆమె గుడ్ల అట్టలు సర్దుతూ అంది.

"ఏం రాయాలె పెద్దమ్మా? ఈ నెలాఖరుకు నీకు అరవై ఐదు. నిన్ను ఇంటికి పంపుతరు. పక్క సెంటర్‌ల ఆయా దిగిపోయినంక ఇప్పటిదాంక ఎవ్వర్నీ ఇయ్యలే. గా టీచరే వండుతాంది, గామెనే పిల్లల కడుగుతాంది. జూన్ల ఆ ఒక్క దినం సుత నా సెంటర్ ఎవరి మీద ఇడిసిపెట్టి పోతనని రాయాలె?"

నేను పనిలో లేకపోయినా ఊరికే వచ్చి వంట చేసిపెడతానన్నాను. లెక్కలో లేని మనిషిని పొయ్యి దగ్గరికి రానిస్తే, రేపు ఏదన్నా అయితే తన మీదికే వస్తుందంది. అదీ నిజమే.

పరీక్ష ఫీజు కట్టే గడువు నేను దిగిపోయిన కొన్నాళ్లకు ముగిసింది. ఆమె కట్టలేదు.