ఎంగిలి వేలు, చీము వేలు

మా అత్త కుడిచేతి చూపుడు వేలికి నిమ్మకాయ తొడిగి ఉండడం చూసిన పొద్దున నేను ఇడ్లీ ముట్టలేదు. కాయకు బొక్క చేసి, లోపల పసుపు కూరి, వేలికి టోపీలాగా పెట్టుకుంది. గోరుచుట్టుకు మా వైపు అందరూ చేసేదే. కానీ అది మూడు రోజుల నాటి కాయ. రసం కారి మణికట్టు దాకా జిగట కట్టింది, పుల్లటి కుళ్లు వాసన. పిండి కలిపే ముందు దాన్ని తీసి కిటికీలో పెట్టేది, చెయ్యి కడుక్కునేది, కలిపాక మళ్లీ అదే కాయ తొడుక్కునేది. ఛీ!

రాజాంలో మా ఇంటి ముందు గదే మా టిఫిన్ కొట్టు. నా పెనిమిటి సాలూరు లారీల మీద డ్రైవరు, నెలలో సగం రోజులు ఇంట ఉండడు. కొట్టు నడిపేది అత్తా నేనూ. ఆమె పొట్టు మినప్పప్పుతో తప్ప ఇడ్లీ పెట్టేది కాదు. పప్పు నానబెట్టి, రెండు చేతులూ నీళ్లలో పెట్టి పిసికి పిసికి పొట్టు తీసేది. నీళ్లు మార్చడం, మళ్లీ పిసకడం. ఆ తర్వాత గిన్నెలు. ఆమె చేతులు పూర్తిగా ఆరిన పూట నేను చూడలేదు.

ఆ వేలు ఒక్కరోజులో అలా అవలేదు. గోరు చుట్టూ చర్మం నెలల తరబడి ఎర్రగా ఉబ్బి మెరిసేది. గోరుకూ చర్మానికీ మధ్య ఉండే సన్నటి పొర ఊడిపోయి సందు పడింది. గోరు మీద అడ్డంగా గీతలు, అంచున ఆకుపచ్చ మరక. నొక్కితే ఒక్కోసారి తెల్లటి చుక్క వచ్చేది. నొక్కడం ఆమెకు అలవాటు, నాకు చూపించి మరీ నొక్కేది.

"సూడే, ఎలాగొస్తన్నాదో!"

"నాకెందుకత్తా సూపిస్తావు? ఆ చెయ్యేనా పిండిలో ఎట్టేది?" అని నేను ముక్కు మూసుకునేదాన్ని.

"ఓలమ్మా, పెద్ద శుభ్రం మనిషి వచ్చింది! నీ నోట్లో ఉన్న ఏలు ముందు తియ్యి. ఎంగిలి ముండ!"

అదీ మా ఇద్దరి గొడవ. నాకు చిన్నప్పటి నుంచీ గోళ్లు కొరికే జబ్బు. గోరు అయిపోతే పక్క చర్మం కూడా పీకేదాన్ని. ఆమెకు చీము పర్వాలేదు, ఎంగిలి మాత్రం మహాపాపం. నేను కాపరానికి వచ్చిన మొదటి వారంలోనే తీర్పు చెప్పేసింది: ఎంగిలి చెయ్యి పిండిలో పడకూడదు. పొయ్యి దగ్గరికి రావచ్చు, గిన్నెలు ముట్టుకోవచ్చు, పిండి మాత్రం ముట్టకూడదు. నాకేం, పని తప్పిందిలే అనుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

చివరికి ఆస్పత్రికి తీసుకెళ్లింది నా వేలే. బొటనవేలి పక్క చర్మం పళ్లతో లాగాను, రెండో రోజుకల్లా అది వాచి, కొట్టుకుంటూ, పసుపుపచ్చగా చీము పట్టింది. అత్త నిమ్మకాయ పట్టుకుని వచ్చింది. నేను కెవ్వుమన్నాను. చెప్పులు వేసుకుని ప్రభుత్వాసుపత్రికి బయల్దేరితే, దీనికేం చేస్తారో చూద్దామని ఆమె కూడా వెంటబడింది.

అక్కడి డాక్టరమ్మ నా వేలు మొద్దుబారడానికి సూది వేసి, గోరు పక్కన చర్మాన్ని బ్లేడు మొనతో కొంచెం లేపింది. చీము బుడుక్కున వచ్చింది. ఆ కంపుకు నేను మొహం పక్కకు తిప్పుకుంటే, అత్త మెడ చాచి ఎంత ఇష్టంగా చూసిందో!

"నీ నోట్లో పురుగులనే నువ్వు వేలికి ఎక్కించుకున్నావమ్మా," అంది డాక్టరమ్మ. మాత్రలు రాసి, రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చని నీళ్లలో వేలు ముంచమంది. తర్వాత అత్త చెయ్యి లాక్కుని చూసి, "మీది వేరు. దీన్ని నీళ్లే తినేస్తున్నాయి. ఆ సందులోంచి తడి లోపలికి పోతోంది, నిమ్మకాయ పులుపు ఇంకా మండిస్తోంది. ఈ పూతమందు రాయండి. గిన్నెలకైతే లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు. రెండు మూడు నెలలు చెయ్యి తడవకూడదు. లేకపోతే ఆ గోరు పాడైపోతుంది," అంది.

"దానికి నీల్లలో ముంచమంటావు, నాకు నీల్లే వొద్దంటావు. ఇదేటి వైద్దమమ్మా?" అని అత్త గయ్యిమంది. "తొడుగు ఎట్టుకుంటే పొట్టు సేతికి తెలవదు. మరి పప్పు ఎవులు కడుగుతారు?"

డాక్టరమ్మ నావైపు చూసింది.

ఇంటికొచ్చాక అత్త పూజ గదిలో దేవుడి పటం ముందు నా చేత ఒట్టు పెట్టించుకుంది. కొరకను. నా వేలు మానాక, రాత్రి కొరక్కుండా చేదు వేపనూనె రాసి, పొద్దున సబ్బుతో తోమించి, నా పది వేళ్లూ వాసన చూసి మరీ పప్పు గిన్నె అప్పగించింది. ఆ పొట్టు నీళ్ల జిడ్డు నాకు ఎంత రోతో! అయినా కడిగాను. ఆమె గట్టు మీద కూర్చుని, ఆరిన చేతులు ఒళ్లో పెట్టుకుని, అలా కాదు ఇలా అని తిడుతుండేది. నెల తిరిగేసరికి వాపు దిగింది. గోరు మొదలు దగ్గర నున్నటి కొత్త ముక్క కనపడింది. అందరికీ చూపించుకుంది, ఈసారి నొక్కకుండా.

ఒక పొద్దున మా ఆయన ఫోను ఎత్తలేదు. ఘాట్ రోడ్డులో లారీ పడిందని ఎవరో కొట్టు దగ్గర అన్నారు. మా లారీ కాదని తేలడానికి గంట పట్టింది. ఆ గంటలో నేనేం చేశానో నాకు తెలియదు. ఫోను పెట్టేసి తిరిగితే అత్త నా చేతుల వైపే చూస్తోంది. నా నాలుక మీద గోరు ముక్క ఉంది.

ఆమె కొంగు బిగించి, పప్పు గిన్నె ముందు కూర్చుని, మానుతున్న ఆ వేలు తీసుకెళ్లి నీళ్లలో పెట్టింది.

"అత్తా, వొద్దు! నేను కడుగుతాను, నీ గోరు పోతాది!"

"ఎంగిలి," అంది, తల ఎత్తకుండా.

నా నోరంటే నాకే అసహ్యం పుట్టింది. ఆమె చీముకు ఎప్పుడూ అంత అసహ్యపడలేదు నేను. వెళ్లి కాళ్ల దగ్గర కూలబడి, రెండు చేతులూ ఆమె ముందు చాచాను. తడి చేత్తోనే ఒక్కో వేలూ తిప్పి చూసింది. కొన్ని మొండి గోళ్లు, కొన్ని నెత్తురు అంచులు.

"ఈ పదీ పెరిగినాక రా," అంది.

నా గోళ్లు పెరగడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె వేలు నీళ్లలోనే ఉంది.