ఎనిమిది సోమవారాల గడువు

మేడ్చల్ రోడ్డులోని కోళ్ల దాణా కంపెనీలో నా కింద పనిచేసే అనలిస్టు అమ్మాయి, సోమవారం పదకొండుకల్లా ఇవ్వాల్సిన స్టాకు రిపోర్టు ఎప్పుడూ సాయంత్రానికి ఇచ్చేది. హెచ్ఆర్ వాళ్లు ఆమెకు మెరుగుదల ప్లాన్ ఒకటి తయారుచేసి నా సంతకానికి పెట్టారు. అందులో ఉన్నది ఒకే మాట: పనితీరు మార్చుకోవాలి. నాకు ఒళ్లు మండింది. ఎంత మారాలి, ఎప్పటిలోగా, లెక్క ఎవరు చూస్తారు? బడి ముఖం చూడకుండా గోదాములో పని నేర్చుకుని పైకొచ్చిన నేనే ఇది అడగాలా?

పట్టుబట్టి తిరిగి రాయించాను. గడువు ఎనిమిది వారాలు. ఎనిమిదింటిలో ఏడు రిపోర్టులు వేళకు రావాలి, రాకపోతే ఉద్యోగం ఉండదు. శామీర్‌పేట, తూంకుంట డిపోలు శనివారంలోగా అంకెలు పంపకపోతే ఆ ఆలస్యం ఆమె ఖాతాలో పడదు. ప్రతి శుక్రవారం నేను కూర్చుని సాయం చేయాలి.

ఆమె చదివి తల పట్టుకుంది.

"గా పాత కాయితమే మంచిగుండె సార్. డిపోలోళ్ల మీద జెప్పుకుంటుంటి. ఇగ యాడికి తప్పించుకోను?"

"తప్పించుకునుడెందుకు బిడ్డా, జల్దీ పంపు."

"పంపుదామంటే మల్లొకసారి జూడాలనిపిస్తది సార్. ఒక్క అంకె తప్పువోతే?"

అంకెలు సరిచూడటానికి ఇంకో మనిషిని కూడా ఇప్పించాను. అయినా రెండో వారం ఆమె దగ్గరే ఆలస్యమైంది; ఇంకొక్కటి తప్పితే ఉద్యోగం పోయినట్టే. ఆరో సోమవారం డిపోల అంకెలు వేళకే వచ్చాయి, సరిచూడటమూ అయింది. పదకొండు దాటినా ఆమె మళ్లీ మొదటి వరుస నుంచి చూస్తూనే ఉంది.

"లేటని రాయుండ్రి సార్," అంది, తెర మీంచి కళ్లు తీయకుండా.

నియమం నాది, సంతకం నాది. ఎవరి మీద కోప్పడాలో తెలియక, ఆలస్యం అనే రాశాను.