అందరికీ ఒకే మాట

మా వీధి మూలన ఇస్త్రీ బండి అతను నిన్న సాయంత్రం ఎవరిదో పట్టుచీర అంచు కాల్చేశాడు. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. చీర తాలూకు ఆవిడకు ఏం జవాబు చెప్పాలా అని అతను తల పట్టుకుంటే, నేను కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు బరంపురం బడా బజార్లో ఒక సందు గుర్తొస్తుంది, ఆ సందులో కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డ సుభద్ర మేడమ్ గుర్తొస్తారు.

మేడమ్ బరంపురంలో ఒక కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవారు. సిక్కోలు వైపు ఆడపడుచు, భర్త రైల్వే ఉద్యోగం వల్ల ఇటు వచ్చి ఇక్కడి మనిషే అయిపోయారు. ఇంగ్లీషు పుస్తకాలంటే హడలిపోయే మాలాంటి తెలుగు పిల్లల్ని సాయంత్రాలు ఇంటి వరండాలో కూర్చోబెట్టి, వేరుశనక్కాయలు వలుస్తూ పాఠం చెప్పేవారు. క్లాసులో గ్రాంథికంగా ఉండే గ్రీకు వేదాంతులంతా ఆ వరండాలోకి వచ్చేసరికి మా వీధి భాష మాట్లాడేవారు. మాలో నాకు పిరికిదాన్నని పేరు. మోహన్ అనే కుర్రాడికి దూకుడెక్కువ, కదిలే బస్సును పరిగెత్తి పట్టుకోకపోతే అతనికి ఎక్కినట్టే ఉండేది కాదు. మా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆవిడ తెగ ముచ్చటపడేవారు.

సద్గుణం రెండు దోషాల మధ్య ఉంటుందనే పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. మధ్య అంటే సరిగ్గా సగమా అని నేను అడిగాను.

"స్కేలు పెట్టి కొలిసీడం కాదే నిర్మలా," అన్నారు మేడమ్. "నాకు షుగరు, గరిటెడు పఖాళ, అదే సద్దన్నం, తింటే సాలు. జాతర్లో పులేషం కట్టి దినమంతా గెంతేవోడికి కుండెడు కావాల. ఇద్దరికీ మద్దెలో ఉందని తలో అరకుండ పెట్టేవనుకో, నాకు రోగం, ఆడికి పస్తు. ఎవలి మద్దె ఆలదే."

"మరి ధైర్యం మాటేటి మేడమ్? భయం లేకపోడమే కదా?" అన్నాడు మోహన్.

"కాదురా. భయపడవలసినదానికి, భయపడవలసినంత భయపడి, అయినా సేయవలసింది సేసేడు సూడు, ఆడిది ధైర్యం. భయం మరీ ఎక్కువై సేయవలసింది ఒగ్గేస్తే పిరికితనం. భయపడవలసిన సోట కూడా భయం లేక, నాకేటౌతాదిలే అని ఎల్లిపోతే అది తెగింపు. పిరికోడికి ధైర్యవంతుడు తెగించినోడిలాగ కనిపిస్తాడు. తెగించినోడికి అదే మనిషి పిరికోడిలాగ కనిపిస్తాడు. మద్దెనున్నోడికి రెండేపులా తిట్లే."

మరి ఆ మధ్యను పట్టుకోవడం ఎలా అని అడిగితే, మూలనున్న గొడుగు తీసి వంగిన కమ్మీ ఒకటి చూపించారు. తిన్నగా చేయాలంటే దాన్ని రెండో వైపుకు కాస్త ఎక్కువే వంచాలట. మనిషి కూడా తను ఎటు వాలతాడో తెలుసుకుని దానికి ఎదురు వైపుకు లాక్కోవాలట. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆవిడ ఇంకొక మాట కలిపారు.

"లోకంలో ఎక్కువమంది భయం ఏపే వాలతారు. తెగింపు ధైర్యానికి దగ్గర సుట్టం, పిరికితనం దూరపుది. అంచేత అనుమానం వచ్చినప్పుడు ముందుకే అడుగెయ్యండి."

నిజానికి అందులో తప్పేమీ లేదు. పుస్తకంలోనూ దాదాపు అలాగే ఉంది. నాకైతే ఆ మాట ప్రాణం పోసింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మేడమ్ మా ఇద్దర్నీ తోడు తీసుకుని చీర కొనడానికి బడా బజారు వెళ్ళారు. మేం ఇంకా సందులో ఉండగానే, ఎదుట ఒక పట్టుచీరల కొట్టు వెనక గదిలో మంటలు లేచాయి. కొట్టు వాళ్ళు బయటపడ్డారు గానీ మేడ మీద వాళ్ళ జేజీమా, అంటే నాయనమ్మ, ఉండిపోయింది. ఆవిడ నడవలేదు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అనుమానం వస్తే ముందుకే అనుకుని, సందులో ప్రతి తలుపూ బాదుతూ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచి జనాన్ని బయటికి రప్పించాను. మోహన్ పక్క మెట్లకేసి చూశాడు. అక్కడ పొగే గాని ఇంకా మంట లేదు. గోనెసంచీ తడిపి కప్పుకున్నాడు. అతని చేతులు వణుకుతున్నాయి. అలా వణుకుతూనే వెళ్ళి, ముసలావిడను భుజాన వేసుకుని దిగాడు.

సందంతా చప్పట్లు కొట్టింది. మేడమ్ కూడా కొట్టారు. మోహన్ దగ్గుతూ ఆవిడ వైపు చూశాడు. ఇంతలో కొట్టు యజమాని మేడ మీద తన పట్టు బేళ్ళు పోయాయని తల బాదుకోవడం మొదలెట్టాడు. ఎవరూ వెళ్ళమనలేదు.

"ఇంకా టైముంది మేడమ్," అని నవ్వి, మోహన్ మళ్ళీ ఆ మెట్లే ఎక్కి లోపలికి వెళ్ళాడు.

పైకప్పు దూలం కూలింది. మోహన్ తిరిగి రాలేదు.

తరవాత మేడమ్ వరండా పాఠాలు మానేశారు. రిటైరయ్యాక గోపాల్‌పూర్‌లో మేనకోడలి దగ్గర ఉండేవారు. ఆవిడ పోయే ముందు ఏడాది నేను ఆటో కట్టించుకుని వెళ్ళి చూశాను. టీ తాగుతున్నంతసేపూ ఊరి కబుర్లే చెప్పి, నేను లేవబోతుంటే ఆ సంగతి ఎత్తారు.

"మొదటిసారి ఆడి సేతులు వణికేయి, సూసేవా? ముసిల్దాని పేణం కోసం ఎల్లేడు, దారి సూసుకుని ఎల్లేడు. అది ధైర్యం. రెండోసారి నవ్వేడు. గుడ్డల కోసం, మన సప్పట్ల కోసం ఎల్లేడు. ఒకే మనిషి, ఒకే మెట్లు. నాకు ఆ తేడా అప్పుడే తెలిసింది నిర్మలా. పాఠం సెప్పేదాన్ని, తెలవకేం. కానీ సప్పట్లు కొట్టే సేతులు ఆపి ఆడి రెక్క పట్టుకోలేకపోయేను."

"మీ తప్పేం లేదు మేడమ్," అన్నాను.

"ఉంది. ఎవలి మద్దె ఆలదే అని సెప్పిన నోటితోనే, నీకూ ఆడికీ ఒకే మందిచ్చేను. నీకు నయమైంది. ఆడు ఎటు వాలతాడో ఎరిగుండి, అటే తోసేను."

ఆవిడ బాధలో నాకూ వాటా ఉంది, ఎందుకంటే ఆ మందుతో బాగుపడింది నేను. నాలుగు మాటలు నలుగురిలో మాట్లాడగలుగుతున్నానన్నా, ఉద్యోగం చేసుకుంటున్నానన్నా ఆ ఒక్క మాట చలవే. ఆ మాటే మోహన్ తల్లికి కొడుకును లేకుండా చేసింది. దీన్ని ఎలా మోయాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు నేను పురుషోత్తంపూర్ దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లాడు గోడెక్కినా, ఎవరితో గొడవకు దిగినా ముందు రెక్క పట్టుకుని ఆపుతాను. పిల్లలు నన్ను చాటుగా బ్రేకు మేడమ్ అంటారు. మొన్నటిదాకా అది మెచ్చుకోలనే అనుకున్నాను.

పోయిన నెల తొమ్మిదో తరగతి గౌరి స్టాఫు రూము గుమ్మంలో నిలబడింది. హాజరు పిలిస్తే పలకడానికి కూడా తడుముకునే పిల్ల. చున్నీ అంచు నలుపుతూ, "మేడమ్, రేపు ఆఫీసరు వస్తారట కదా. ఆడపిల్లల బాత్రూముకి ఎప్పుడూ తాళమే ఉంటందని నేను సెప్పనా?" అంది. చున్నీ పట్టుకున్న ఆ చేతులు వణుకుతున్నాయి.

నేను కాపీలు దిద్దుతూ, "ఇప్పుడొద్దమ్మా, తొందరపడకు," అన్నాను.

గౌరి "సరే మేడమ్," అని వెళ్ళిపోయింది. మర్నాడు ఆఫీసరు వచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగాడు. గౌరి నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. అప్పుడు తెలిసింది నాకు, మోహన్‌కు చెప్పవలసిన మాట నేను గౌరికి చెప్పానని.