ఆమె వదులుకున్న డ్యూటీ

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేనూ నా స్నేహితురాలూ నర్సులం. ఆమెది జమ్మికుంట. ఐసీయూలో ఆమె డ్యూటీ అంటే డాక్టర్లకే ధీమా. డ్యూటీ దిగగానే ఇద్దరం జర్మన్ క్లాసుకు పరుగెత్తేవాళ్లం, జర్మనీలో నర్సులుగా చేరాలని.

ఇంగ్లీషును నమ్మి జర్మన్ చదివితే మోసపోతారని సార్ మొదట్లోనే చెప్పారు. అక్కడ ‘గిఫ్ట్’ అంటే విషం. ‘బెకొమెన్’ అంటే అవడం కాదు, దొరకడం. నా కూరలో ఉప్పెక్కువైన రోజు “నాకు గిఫ్ట్ తెచ్చినవా?” అని ఆమె ఏడిపించేది. రెండు మాటలు తెలిసేసరికి అన్నీ తెలిసినట్టే మిడిసిపడ్డాం.

అక్కడి ఆస్పత్రి వాళ్లు ఆమెను ఫోన్లో వీడియో ఇంటర్వ్యూ చేశారు. చివర్లో ఆ మేడమ్ అన్న మాటను ఆమె కంఠతా పట్టేసింది: “జీ బెకొమెన్ ఎవెంటువెల్ ఇమ్ హెర్బ్‌స్ట్ ఐనె ష్టెల్లె.” బెకొమెన్ దగ్గర తడబడలేదని ఎంత గర్వమో. మాకూ, సార్‌కూ తెలుగులోనే చెప్పింది, చివరికి శరదృతువులో ఉద్యోగం ఇస్తామన్నారని. సార్ అభినందించారు. అందరం మిఠాయి తిన్నాం.

వాళ్లింట్లో అంతా దుబాయి లెక్క. ఏజెంటు నోట మాట వచ్చిందంటే ఉన్న పని వదిలేసి దావత్ ఇవ్వడమే. వాళ్ల బావ దుబాయి నుంచి ఫోన్ చేసి, ఇంకా డ్యూటీ ఎందుకు, ఇంట్ల కూసొని జర్మన్ పరీక్షకు చదువుకోమన్నాడట. రాజీనామా ఇచ్చింది. వారం తిరక్కుండా ఆమె చోట్లో కొత్తమ్మాయి చేరింది.

బతుకమ్మ పోయింది, దీపావళి పోయింది. పిలుపు రాలేదు. అప్పుడు సార్, వాళ్లేమన్నారో జర్మన్‌లోనే చెప్పమన్నారు. ఆమె పొల్లుపోకుండా చెప్పింది. సార్ అందులో ఒక్క మాటను బోర్డు మీద రాసి, కింద గీత గీశారు.

“ఎవెంటువెల్ అంటే ఇంగ్లీషుల ‘ఈవెంచువల్లీ’ లెక్క చివరికి అని కాదు బిడ్డా. గా మేడమ్ వస్తే రావచ్చు అన్నది. వస్తదనలే.”

నాకు ఆ మాట మీద, ఆ బావ మీద, మేం తిన్న మిఠాయి మీద కూడా కోపం వచ్చింది. ఆమె మాత్రం పుస్తకాలు సంచిలో సర్దుకుంది. మళ్లీ క్లాసుకు రాలేదు. పాత ఆస్పత్రిలో అడిగితే ఖాళీ లేదన్నారు. ఇప్పుడు జమ్మికుంటలో ఓ చిన్న క్లినిక్‌లో సూదులు వేస్తోంది. ఐసీయూలో అంత పని తెలిసిన చేతులు.

మొన్న నాకు జర్మనీ నుంచి ఉద్యోగ ఒప్పందం వచ్చింది. చెప్పాలంటే భయమేసినా, ఆమెకే ముందు ఫోన్ చేశాను. సంతోషమంది. ఆ వెంటనే, “డ్యూటీ ఇడిసిపెట్టినవా?” అని అడిగింది.

లేదు, వీసా వచ్చేదాకా వదలనన్నాను.

“మంచి పని చేసినవ్,” అంది. ఆ గొంతులో కాస్త కుళ్లు వినిపించినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.