జనరేటర్ వెళ్ళిన తేదీ

అత్తగారు ఆ కాగితాలు చించుతున్నప్పుడు తిలగం ఎదురుగానే కూర్చుని ఉంది. ఆపాలని తోచలేదు. తొమ్మిది నెలల తర్వాత, పాండిచ్చేరి సారం పేటలో ఆడిటర్ దురైసామి ఆఫీసులో కూర్చుని, ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

భర్త పోయాక, ఆ ఊళ్ళోనే మేట్టుపాళయంలో అట్టపెట్టెల షెడ్డును ఆమె ఒక్కతే నడుపుతోంది. నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. కొత్త మిషనుకు చాలినంత కరెంటు రాక, చెన్నై కంపెనీ నుంచి ఒక జనరేటర్ అద్దెకు తెచ్చుకుంది. నెలకు పాతికవేలు, దాని మీద పన్ను నాలుగున్నర వేలు. వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చిన తొలి ఏళ్ళవి. అద్దె మీద కట్టిన పన్నును తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చని దురైసామి చెబితే, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నెలనెలా అలాగే తగ్గించుకుంది. డిసెంబరులో కరెంటు వచ్చింది. పన్నెండో తేదీన లారీ వచ్చి జనరేటర్‌ను తీసుకుపోయింది.

ఆ సాయంత్రమే అత్తగారు పట్టమ్మాళ్ బిల్లుల కట్ట అడిగి తీసుకుంది. ఎప్పుడో మిల్లులో పనిచేసే రోజుల్లో మామగారు అప్పు తీర్చి నోటు చించకుండా వదిలేస్తే, అప్పిచ్చినవాడి కొడుకులు అదే నోటు పట్టుకొచ్చి రెండోసారి వసూలు చేశారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ లెక్క తీరినా ఆ కణక్కు కాగితం పొద్దుగుంకేలోపు ముక్కలు కావాల్సిందే. ఎనభై ఏళ్ళ మనిషి పద్ధతిని తప్పని ఎలా అంటుంది? పైగా తిలగానికీ అప్పుడు అది సబబుగానే తోచింది.

ఇప్పుడు పన్ను ఆఫీసు నోటీసు బల్ల మీద ఉంది. జనరేటర్ అద్దె మీద తగ్గించుకున్న పన్నుకు బిల్లులన్నీ చూపించమని.

“బిల్లులు యాడక్కా?” అన్నాడు దురైసామి.

“లేవు సామీ.”

“లేవంటే ఏంది? ఎలకలు తిన్నాయా?”

“అత్త చించేసింది.”

దురైసామి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి అతను చేసే పని అది. కానీ జోడు మళ్ళీ పెట్టుకున్నాక ముఖంలో నవ్వు లేదు. “కంపెనీవాళ్ళు ఎక్కించింది కంప్యూటర్లో కనబడితే చాలదక్కా. బిల్లు నీ చేతిలో ఉండాల. లేదంటే తొమ్మిది నెలల పన్ను వడ్డీతో వెనక్కి కట్టాల. నలభై వేలు దాటతాది.”

నలభై వేలు. నలుగురి నెల జీతం అంతే. దీపావళి బోనస్ ఇస్తానని అప్పటికే మాట ఇచ్చి ఉంది.

“ఇంకొకటుంది,” అని అతను తెర ఆమె వైపు తిప్పాడు. “జనవరికీ, ఫిబ్రవరికీ కూడా బిల్లు వేసినారు.”

“పన్నెండో తేదీనే తీసకపోయినారు గదా!”

“ఆపమని రాసిచ్చినావా?”

“నటేశన్‌తో చెప్పినా. కంపెనీ నుంచి నెలనెలా ఆయిల్ మార్చేకి వచ్చేవాడు గదా, వాడితో. సరి అన్నాడు.”

“పాలోడికి చెప్పినట్టు చెప్పినావు, పో.”

 తిలగం నిజంగా అలాగే చెప్పింది. రేపటి నుంచి వద్దు నాయనా, అని.

నటేశన్ ఆ కొలువు మానేసి నెలలైంది. చెన్నైకి ఫోను చేస్తే ఒక అమ్మాయి మర్యాదగా తమిళంలో చెప్పింది: రద్దు కోరుతూ ఉత్తరం గానీ మెయిల్ గానీ తమకు అందలేదు, రెండు నెలల బాకీ యాభై తొమ్మిది వేలు కడితే పాత బిల్లుల నకళ్ళు పంపుతారు. 

దురైసామి నోటీసుకు నెలాఖరు దాకా గడువు సంపాదించాడు. “ఈ గడువు ఒకటే కాదక్కా. ఎక్కువ వేసిన బిల్లును కొట్టేసేకి కంపెనీ క్రెడిట్ నోటు ఇయ్యాల. పోయిన ఆర్థిక సంవత్సరం బిల్లులకి ఈ సెప్టెంబరుతో ఆఖరు. దాటితే వాళ్ళు కట్టిన పన్ను వాళ్ళకి తిరిగిరాదు. అప్పుడు నీ మాట వినేవాడెవడు? జనరేటర్ పోయిన తేదీకి రుజువు తీసకరా.”

అప్పటికి పదహారో తేదీ.

మేట్టుపాళయంలో నాలుగు షెడ్లకీ కలిపి ఒకటే గేటు. కాపలా ముని గేటు దాటే ప్రతి బండినీ పుస్తకంలో రాస్తాడు. నిండిన పుస్తకాలు మోటారు గదిలో గోనెలో ఉన్నాయి.

“ఇందులో ఏముందని ఎతకతావమ్మా? అన్నీ లారీలే,” అన్నాడు ముని.

“ఒక లారీ చాలు మామా.”

రెండు పుస్తకాలు తడిసి అట్టగట్టుకుపోయాయి. వాటిలో డిసెంబరు ఉంటే తన పని అయిపోయినట్టే అనుకుంది. మూడో దానిలో దొరికింది. పన్నెండో తేదీ, లారీ నంబరు, డ్రైవరు సంతకం, ముని వంకర అక్షరాల్లో ‘జనరేటర్ 1, కిరుమాంబాక్కం’.

చెన్నై కాదు. కడలూరు దారిలోని కిరుమాంబాక్కం!

మర్నాడు కడలూరు బస్సెక్కింది. జనరేటర్ అవసరపడేవి ఆ ఊళ్ళో రెండు రైస్‌మిల్లులు. రెండోదాని వెనక రేకుల కింద ఆకుపచ్చ పెట్టె కనిపించగానే ఆమె దాని తలుపు మీది సొట్టను గుర్తుపట్టింది. ఆ సొట్ట తన షెడ్డులో పడిందే.

దాని అద్దె బిల్లు చూపించమని అడిగితే, మిల్లు యజమానురాలు అమృతవల్లి గుమ్మంలోనే ఆపింది. “నా బిల్లుతో నీకేం పని? పన్నోళ్ళ మనిషివా?”

“కాదక్కా. పన్నోళ్ళకి భయపడే మనిషిని.”

అమృతవల్లి ఆమెను తేరిపార చూసి, లోపలికి రమ్మంది. మజ్జిగ ఇచ్చింది. సంగతంతా విన్నాక ముఖం పక్కకు తిప్పుకుంది. వేరొకరి తగాదాలోకి తన కాగితం వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదని తిలగానికి అర్థమవుతూనే ఉంది. బతిమాలుదామనుకుని మానుకుంది.  మజ్జిగ గ్లాసు రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది.

“మొగుడు లేడా?”

“లేడక్కా. ఎనిమిదేండ్లు.”

అమృతవల్లి లేచి ఫైలు తెచ్చింది. బిల్లులు నెల వరసన ఉన్నాయి. మొదటిది డిసెంబరు పదమూడు నుంచి. మిషను నంబరు జనరేటర్ రేకు మీద ఉన్నదే. కంపెనీ పాండిచ్చేరి మనిషి జనరేటర్‌ను మేట్టుపాళయం నుంచి ఇక్కడికి నేరుగా చేర్చేశాడు, చెన్నైలో మాత్రం ఫిబ్రవరి దాకా పాత అద్దె ఆపలేదు. ఒకే జనరేటర్‌కు ఇద్దరి మీద బిల్లు.

“రేట్లు కనబడకుండా కాగితం అడ్డం పెట్టి ఫోటో తీసుకో,” అంది అమృతవల్లి.

గేటు పుస్తకం పేజీ, ఆ బిల్లు, నంబరు రేకు. దురైసామి మూడూ కలిపి కంపెనీకి మెయిల్ పెట్టాడు. అందినట్టు జవాబివ్వమని కింద రాశాడు. జవాబు రాలేదు. ఇరవై మూడు పోయింది. ఇరవై ఐదు పోయింది. షెడ్డులో ఫోను మోగితే మిషను ఆపించేది. అన్నం ముందు కూర్చుని వేళ్ళ మీద తేదీలు లెక్కపెడుతుంటే అత్తగారు, “ఎవరికన్నా ముహూర్తం పెడతాండావా ఏంది?” అంది. నోటీసు సంగతి తిలగం ఆమెకు చెప్పనేలేదు.

ఇరవై ఏడున వచ్చాయి. తొమ్మిది బిల్లుల నకళ్ళు, ముద్రలతో. జనవరి, ఫిబ్రవరి బిల్లులకు క్రెడిట్ నోట్లు. డిసెంబరులో వాడని పంతొమ్మిది రోజులకు ఇంకొకటి. అద్దె డిసెంబరు పన్నెండుతో ముగిసిందని ఒక ఉత్తరం.

“డిసెంబరులో ఆ పంతొమ్మిది రోజుల పన్ను మనం ఎక్కువ తగ్గించుకున్నాం,” అన్నాడు దురైసామి. “అంతవరకు వడ్డీతో కట్టేయాల. మిగతాది నిలబడతాది. అద్దెని ఖర్చుగా చూపించేకి కూడా ఇవే ఆధారం.”

“నిలబడతాదా, నిలబడొచ్చా?”

“ఆఫీసరు చూడాల గదక్కా.”

ముప్పయ్యో తేదీన పన్ను ఆఫీసు కౌంటరు దగ్గర ఆమె దురైసామి పక్కనే నిలబడింది. గుమస్తా కాగితాలు లెక్కపెట్టి, అందినట్టు నకలు మీద ముద్ర గుద్ది ఇచ్చాడు. ముద్రలో తేదీ చెరిగినట్టుంది.

“అయ్యా, తేది సరిగా పడలేదు. ఇంకోసారి గుద్దండి.”

“అమ్మా, వెనక జనం ఉన్నారు.”

“ఉండనీ అయ్యా. గుద్దండి.”

గుమస్తా విసుగ్గా ముద్రను సిరాలో అద్ది ఈసారి గట్టిగా గుద్దాడు. ఆమె కాగితాన్ని వెలుతురుకు ఎత్తి తేదీ, నెల, సంవత్సరం మూడూ చదువుకుంది. తర్వాత పక్కకు జరిగింది.