లోతులో ఎర్ర చొక్కా

శ్రీకాకుళంలో ఫ్లెక్సీలు వేసే షాపులో నేను డిజైనర్ని. పుట్టినరోజులకీ, షాపు ఓపెనింగులకీ, చావులకీ అందరూ మా దగ్గరికే వస్తారు. మాటల్లో చెబితే బొమ్మ గీసిచ్చే యాప్ వచ్చాక చేతికి పని తగ్గింది, బుర్రకి పెరిగింది. ఏం కావాలో నాలుగు ముక్కల్లో టైప్ చెయ్యాలి. దాన్ని ప్రాంప్ట్ అంటాం. మనం చెప్పినంత వరకు అది గీస్తుంది, చెప్పనిచోట సొంత కవిత్వం కలుపుతుంది. ఆ కవిత్వం చూసి కస్టమర్లు మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండేది. అయినా ప్రింటు తీసి ఇచ్చేవాణ్ణి.

మా అక్క భర్త సముద్రంలో పోయాడు. వేట నుంచి తిరిగొస్తుంటే, భావనపాడు ఒడ్డు కళ్ళకి కనబడుతూ ఉండగానే పడవ బోల్తాపడింది. పడవలో ఉన్నది బావా, ఆయన తమ్ముడూ. తమ్ముడు తేలాడు, బావ తేలలేదు. అక్కడ ఆరు బారల లోతు, అంటే ముప్పై అయిదు అడుగుల దాకా ఉంటుంది. తమ్ముడు ఊపిరి బిగబట్టి మళ్ళీ మళ్ళీ మునిగి వెతికాడట. చివరికి పక్క పడవ వాళ్ళు జుట్టు పట్టుకుని పైకి లాగారట. బావ శవం దొరకలేదు.

శవం లేకపోయినా దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించాలని పెద్దలు అన్నారు. అక్కకి ఉన్నది చిన్న కూతురు ఒక్కతే. కాబట్టి పిండం పెట్టాల్సింది ఆ తమ్ముడే. అక్క మాత్రం మరిదిని గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఫ్లెక్సీకి బావ ఫొటో తీసుకుందామని నేను వెళ్ళినప్పుడు నా మీద విరుచుకుపడింది. "ఎర్ర సొక్కా ఏసుకున్నాడురా మీ బావ. ఒడ్డుమీంచి పడవ సూస్తే నాకు ఆనవాలు తెలియాలని నానే కొన్నాను. అంత దూరంనుంచి నాకు కనబడే సొక్కా, పక్కనే మునిగినోడికి కనబడలేదా? ఈడు ఎతకలేదు. బయపడి పైకొచ్చీసినాడు."

"అలా అనకే," అన్నాను.

"మరెలా అనమంటావు? నీకా మిషను ఉన్నాది కదా. నీళ్ళలో ఎలాగుంటాదో నాకు సూపించు. సూస్తే గాని నా మనసు నిలవదు."

నీకు పిచ్చి పట్టిందా అని అరవబోయాను. దాని మొహం చూసి నోరు మూసుకున్నాను. అరుగు మీద కూర్చుని ఫోన్లో టైప్ చేశాను: సముద్రం లోపల, పైనుంచి ఏటవాలుగా దిగే వెలుగు చారలు, నీళ్ళలో తేలే నలుసులు, లోతుకి పోయేకొద్దీ వెలిసిపోయే రంగులు, ఎర్ర చొక్కా వేసుకున్న మనిషి.

బొమ్మ వచ్చింది. నీళ్ళు నీళ్ళ సీసా ప్రకటనలో లాగా తేటగా, నీలంగా ఉన్నాయి. వెలుగు చారలు అడుగుదాకా దిగాయి. నలుసులు పెళ్ళి స్టేజీ మీద చల్లే తళుకుల్లా మెరుస్తున్నాయి. రాళ్ళకీ ఇసుకకీ రంగు తగ్గించింది కానీ మధ్యలో చొక్కా మాత్రం నిప్పులా వెలుగుతోంది. రంగులు వెలిసిపోవాలని నేను రాశాను. ఎరుపు అని కూడా నేనే రాశాను. రెండూ చెబితే దానికి నచ్చింది ఎరుపే.

ఇది తప్పు అనేలోపే అక్క ఫోన్ లాక్కుంది. "సూసినావా! ఎంత దూరానికి కనబడతన్నాదో!" అంటూ దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టేసింది. సాయంత్రానికి వీధి వీధంతా ఆ బొమ్మ చూసింది. మరిది వెతకలేదన్న మాటకి సాక్ష్యం దొరికినట్టయింది. నా చేత్తో నేనే ఆ సాక్ష్యం తయారుచేసి పెట్టాను.

అతను కూడా చూసి వచ్చాడు. అరుగు ఎక్కకుండా ఎదురింటి చూరు కింద నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. తలుపు వెనక అక్క ఉందని ఇద్దరికీ తెలుసు.

"బావా, ఇంత నీలం ఎక్కడిది?" అన్నాడు నాతో. "మన నీళ్ళలో సెయ్యి సాపితే సెయ్యి కనబడదు. అంతా బురద, పాకురు రంగు. నాను కళ్ళు తెరిసే దిగినాను. ఎరుపు కోసమే ఎతికినాను. ఎక్కడా లేదు. ఒక్కసారి మాత్రం నల్లగా ఏదో ఊగినట్టు అగుపించింది. వల అనుకున్నాను. ఎరుపు కాదు కదా అని ఒదిలీసి ఇటేపు తిరిగినాను."

నల్లగా అనగానే నాకు పాత సంగతి ఒకటి తట్టింది. విశాఖలో జనాన్ని సముద్రం అడుగుకి దింపి చూపించేవాళ్ళకి నేనొకసారి బోర్డు చేసిపెట్టాను. నీళ్ళ అడుగున లైటు వెయ్యకుండా తీసిన వాళ్ళ ఫొటోల్లో ఒంటికి కట్టుకున్న ఎర్ర పట్టీలు నల్లగా ఉన్నాయి. ప్రింటు పాడైందని తిడతారేమోనని ముందే అడిగితే నవ్వారు. నీళ్ళు అన్నిటికంటే ముందు ఎరుపునే మింగేస్తాయట, ఆ తర్వాత నారింజ, పసుపు. తేట నీళ్ళలో చివరికి నీలం మిగులుతుంది. మన తీరంలో మట్టి కలిసిన నీళ్ళలో ఆకుపచ్చ మిగులుతుంది.

ఈ సంగతి చెబితే మరిది మీద పడ్డ నింద పోతుంది. కానీ తను వదిలేసిన ఆ నల్లటిది ఏమిటో అతనికి తెలిసిపోతుంది. చెప్పకపోతే అక్క వాణ్ణి జన్మలో క్షమించదు. ఎటు చూసినా ఒకరి గుండె కోయాలి. నాకు ఏడుపొచ్చింది, సముద్రం మీద కోపం కూడా వచ్చింది.

లోపలికెళ్ళి మళ్ళీ టైప్ చేశాను. ఈసారి నాలుగు వరసలు అడిగాను, ఒకే చొక్కా నీటి పైన, ఒక బార కింద, మూడు బారల కింద, ఆరు బారల కింద. నీళ్ళు మురికి ఆకుపచ్చ, నలుసులు దట్టం, వెలుగు చారలు కొంచెం దిగి ఆ నలుసుల్లోనే చెదిరిపోవాలి. యాప్ మొండికేసింది. ఎన్నిసార్లు అడిగినా అడుగు వరసలోకి ఎరుపును దొంగచాటుగా తెచ్చేది. చివరికి కింది వరసల్లో ఎరుపు అన్న మాటే తీసేసి, కంటికి ఎలా కనబడాలో ఆ రంగులే రాశాను: ఇటుక రంగు, తర్వాత గోధుమ, అడుగున నలుపు. అప్పుడు దారికొచ్చింది.

"ఇది కూడా మిషను గీసిందే అక్కా, ఫొటో కాదు. కానీ రంగు సంగతి మాత్రం నిజం. లోతుకి దిగితే ఎరుపు ఇలాగే పోతాది," అని ఫోన్ చేతికిచ్చాను.

అక్క పైవరస నుంచి కిందికి వేలు జరుపుతూ చూసింది. అడుగు వరస దగ్గర వేలు ఆగిపోయింది. తర్వాత ఫోన్ పట్టుకుని తలుపు తీసి అరుగు మీదికి వెళ్ళింది. చూరు కింద ఉన్నవాడు తలెత్తాడు. ఆమె చేతిలో వెలుగుతున్న బొమ్మ అతనికి కూడా కనబడింది. ఆకుపచ్చ నీళ్ళూ, వాటి అడుగున నల్లటి చొక్కా. అతను ఒక అడుగు ముందుకేశాడు.

"వదినా, ఆ నల్లది..." అన్నాడు.

అక్క ఫోన్‌ని చీరకొంగులో దాచేసింది.

"అది వలేరా," అంది. "నువ్వు సూసింది వలే. మీ అన్న కాదు. లోపలికి రా, రేపు పిండం నువ్వే పెట్టాల."