మధ్యాహ్నపు వంతు

మా ఆయనా నేనూ ఒకే వేసవిలో రిటైరయ్యాం. ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరు, నేను బ్యాంకులో ఆఫీసర్ని. శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండన్నారు. ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు, ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం పగటిపూట ఒకే కప్పు కింద గడిపింది పండగలకీ జ్వరాలకీ మాత్రమేనని.

రిటైర్మెంటు మీద నాకున్న కోరిక ఒక్కటే. తీర్థయాత్రలు కాదు, బంగారం కాదు. మధ్యాహ్నం పూట ఖాళీ ఇల్లు. అవనిగడ్డ దగ్గర మా పుట్టింట్లో అడుగు తీసి అడుగు వేస్తే మనిషి తగిలేవాడు. తర్వాత హాస్టలు, ఆ తర్వాత అత్తవారిల్లు, ఆ పైన బ్యాంకు కౌంటరు. తలుపేసుకుని, ఎవరి ప్రశ్నకీ జవాబు చెప్పక్కర్లేకుండా ఒక్క పూట కూర్చోవడం నా జాతకంలో లేదు. బందరులో కట్టుకున్న ఈ ఇంట్లోనైనా అది దొరుకుతుందని లెక్కలు వేసుకున్నాను. ఆ లెక్కలో మా ఆయన్ని కలపడం మర్చిపోయాను.

ఇదివరకు క్యారేజీ పట్టుకుని వెళ్ళి, ఊళ్ళన్నీ తిరిగి, చీకటి పడ్డాక వచ్చే మనిషి. ఆ తిరుగుడంతా ఇప్పుడు నాలుగు గదుల్లోకి వచ్చి పడింది. టిఫిన్ తింటూనే "మధ్యాహ్నానికి ఏం కూర?" అంటారు. నేను నీళ్ళు తాగడానికి లేస్తే గదిలో ఫ్యాను ఆపేస్తారు. ఫోను పెట్టేసేలోపు "ఎవరది?" అంటారు. చెబితే "ఏంటట?" అంటారు. పనమ్మాయి హాలు తుడవడానికొస్తే పేపరు పక్కన పెట్టరు, కాళ్ళు మాత్రం పైకెత్తుతారు. భోజనమయ్యాక అదే హాల్లో టీవీ పెట్టుకుంటారు. అందులో నలుగురు ఒకేసారి అరుస్తుంటే ఈయన హాయిగా గురక పెడతారు. టీవీ ఆపితే లేచి, "చూస్తున్నాను కదా" అంటారు.

అన్నీ ఓర్చుకున్నానని అబద్ధం చెప్పను. ప్రతిదానికీ ఒక మాట అన్నాను, కొన్నిటికి రెండన్నాను. అయితే అసలు యుద్ధం వంటింట్లో మొదలైంది. ఒకరోజు నేను తోటికోడలి ఇంటికి వెళ్ళొచ్చేసరికి నా డబ్బాలన్నీ సైజుల ప్రకారం వరసగా నిలబడి ఉన్నాయి. పెద్దవి పైన, చిన్నవి కింద. పోపు పెట్టబోయాను. నూనె కాగుతోంది, ఆవాలు చిటపటమంటున్నాయి, ఇంగువ లేదు. వెతికేలోపు పోపు మాడింది.

"ఇంగువ ఏదండీ?"

"చిన్న డబ్బా కదా, కింది అరలో ఉంటుంది. ఒక పద్ధతంటూ ఉండాలి."

"పద్ధతి ఉంది. నా చేతికి తెలుసు. మీ కంటికి తెలియలేదు."

ఆ పూట మా మధ్య ఉప్పు అందించడం తప్ప మాట లేదు. ఆయన మాత్రం గుడివాడకి ఫోన్ చేసి వాళ్ళక్కని రమ్మన్నారు, సాక్ష్యానికి.

వదినగారు మర్నాడే బస్సెక్కి వచ్చారు. ముందు వంటింట్లోకొచ్చి డబ్బాల వరస చూసి పెదవి విరిచారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, వాడి ఫోను మోగట్లేదు, గమనించావా? వాణ్ణి ఎవరూ ఏమీ అడగట్లేదు. అందుకే నిన్నడుగుతున్నాడు" అన్నారు.

నిజమే. నేనది గమనించలేదు. "అయితే మాత్రం నా మధ్యాహ్నాలు ఇచ్చేయమంటారా వదినగారూ?" అన్నాను.

"ఇచ్చేయమన్నానా? తెలుసుకుని పోట్లాడమన్నాను."

ఆ మాట నాకు పనికొచ్చింది. భోజనాల దగ్గర ఆయన తన వాదన మొదలుపెట్టకముందే నేనే అడిగాను. "ఏవండీ, కాలవలో నీళ్ళు తక్కువైన ఏడు మీరేం చేసేవారో వదినగారికి చెప్పండి."

ఎన్నాళ్ళకో ఒకరు ఆయన్ని పని గురించి అడిగారు. ముద్ద పక్కన పెట్టి మరీ చెప్పారు. "వంతులు పెడతాం అక్కా. ఎగువ తూములన్నీ కొన్నాళ్ళు మూసేస్తాం. లేకపోతే పైవాళ్ళు పట్టినంత పట్టేస్తారు, శివారు పొలానికి చుక్క చేరదు. అక్కడ తడిశాక మళ్ళీ పైవాళ్ళ వంతు."

"పైవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాను.

"ఎందుకూరుకుంటారు? మా చేను పక్కనుంచేగా పోతోంది, కాస్త తీసుకుంటే ఏం పోయిందంటారు. ఆ కాస్త కాస్తతోనే కింద ఎండిపోతుంది."

"ఈ ఇంట్లో ఎగువ రైతు మీరే. హాలు మీది, టీవీ మీది, ఇప్పుడు వంటిల్లూ మీదే. పక్కనుంచి పోతున్నానని కాస్త కాస్త పట్టేస్తారు. ఫోనెవరు, కూరేంటి, ఫ్యానెందుకు. మా నాన్నది శివారు పొలమండీ. నీళ్ళు రాకపోతే ఏం చేయాలో నాకు తెలుసు. వచ్చి ఆఫీసరు ముందు కూర్చుంటాం, లేవం."

వదినగారికి పొలమారింది. నీళ్ళు తాగి, "ఒరేయ్ తమ్ముడూ, నీ నోటితోనే చెప్పావు కదరా" అన్నారు.

"ఇల్లేమన్నా కాలవా?" అన్నారాయన. కానీ గొంతులో పస లేదు. మజ్జిగన్నం కలుపుకుని, తలెత్తారు. "సరే. భోజనమయ్యాక కాఫీ వేళ దాకా ఇల్లు నీది. నేను బయటికి పోతాను. కానీ వంతంటే రెండు వైపులా ఉండాలి. పొద్దుటి వంట నాది. నువ్వు వంటింటి గుమ్మం తొక్కకూడదు, హాల్లోంచి సలహా ఇవ్వకూడదు."

ఇది నేనూహించలేదు. వదినగారు నా వంక చూసి, "వాడికి బయటికి పోవడం తేలికే. నీకు నోరు మూసుకోవడమే కష్టం" అన్నారు. ఆవిడ మాట అక్షరాలా నిజమైంది. ఆయన పప్పు మాడుతున్న వాసన హాలంతా కమ్ముకుంటే నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. వడ్డించి, "మాడింది కదూ" అన్నారు. "నా వంతు కాదు, నాకు తెలియదు" అన్నాను. రెండోసారి పెట్టించుకున్నాను కూడా, అదీ ఆయన గెలుపు కిందే రాసుకోవచ్చు.

మొదట్లో ఆయన వంతు తప్పించుకోవాలనే చూశారు. స్కూటరు సందు చివరిదాకా పోయేది, తిరిగొచ్చేది. కళ్ళజోడు మర్చిపోయానని ఒకసారి, మంచినీళ్ళని ఒకసారి. గేటు దగ్గరే అందించి పంపేశాను. అలా తిరిగి తిరిగి గిలకలదిండి హార్బరు దాకా వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. పడవలొచ్చే వేళ తెలిసింది, పలకరించేవాళ్ళు దొరికారు. రొయ్యలు తెచ్చి మర్నాడు వండుకోవడం మొదలెట్టారు. కూరేంటని అడగడం దానంతటదే ఆగింది, వండేది తనే కనక. ఫోను కూడా మోగుతోంది. ఎవరని నేనడగను.

నేను ఆ వేళల్లో ఏం చేస్తానని అందరూ అడుగుతారు. ఏమీ చెయ్యను. టీవీ ఉండదు. కిటికీ పక్కన కాళ్ళు చాపుకుంటాను. ఒక్కోసారి చదువుతాను, ఒక్కోసారి నేలమీదే నిద్రపోతాను. గోడకున్న గడియారం చప్పుడు చేస్తుందని నాకు ఈ ఏడే తెలిసింది.

మొన్న నడి మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి వసారాలో మా ఆయన, తడిసిన స్కూటరు పక్కన, చేతిలో రొయ్యల సంచీతో నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచో తెలియదు. తలుపు కొట్టలేదు, పిలవలేదు.

కిటికీ తెరిచి, "రండి లోపలికి" అన్నాను.

"ఇంకా కాఫీ వేళ కాలేదు" అన్నారు. "నువ్వు కూర్చో."

ఇంకోసారి పిలవాలా అని ఒక్క క్షణం అనిపించింది. పిలవలేదు. పొడి తువ్వాలు ఒకటి కుర్చీ వీపు మీద వేసి పెట్టి, కాళ్ళు చాపుకుని, మిగిలిన నా మధ్యాహ్నమంతా వాన చూస్తూ కూర్చున్నాను.